నలభై సెగ్మెంట్లు, ఒక టికెట్ నంబరు: బ్లూమ్ ఫిల్టర్ కట్టిన మూడు వారాల డైరీ

రోజు 1

మా టీమ్ వాడుకునే సెర్చ్ ఇంజిన్‌ని ఏడాదిగా నేనే జావాలో రాసి నడుపుతున్నాను. సపోర్ట్ టికెట్లన్నీ అందులోనే ఉంటాయి. ప్రతి టికెట్‌కీ ఒక నంబరు, ఒక శీర్షిక, వివరం, జత చేసిన ఫైళ్ల పేర్లు. వెతికేవాళ్లలో చాలామంది చేసేది ఒకటే పని: `req-7f3a91c2` లాంటి నంబరు పేస్ట్ చేసి ఎంటర్ కొట్టడం. దానికి జవాబు ఒకే ఒక్క టికెట్. విచిత్రంగా, మా దగ్గర అన్నిటికంటే నెమ్మదిగా వచ్చే జవాబు కూడా అదే.

కారణం వెతకడానికి ఈరోజు డిస్క్ చదివే చోట ఒక కౌంటర్ పెట్టాను. ఒక నంబరు అడిగితే కౌంటర్ 40 చూపించింది. ఇండెక్స్‌లో ఉన్న సెగ్మెంట్లు సరిగ్గా 40.

ఇది అర్థం కావాలంటే సెగ్మెంట్ అంటే ఏమిటో చెప్పాలి. కొత్త టికెట్లు కొంతసేపు మెమరీలో పోగవుతాయి. తగినన్ని పోగయ్యాక వాటన్నిటినీ కలిపి ఒక చిన్న ఇండెక్స్‌గా డిస్క్ మీద రాసేస్తాను. అదే సెగ్మెంట్. ఒకసారి రాశాక దాన్ని మళ్లీ ముట్టుకోను. ప్రతి సెగ్మెంట్‌కీ, అందులో ప్రతి ఫీల్డ్‌కీ, సొంత టర్మ్ డిక్షనరీ ఉంటుంది. పదాలన్నీ అక్షర క్రమంలో, బ్లాకులుగా డిస్క్ మీద ఉంటాయి. ప్రతి 128వ పదాన్ని మాత్రం మెమరీలో పెట్టుకుంటాను. ఒక పదం కావాలంటే మెమరీలో ఉన్నవాటిని చూసి, అది ఏ బ్లాకులో ఉండాలో తేల్చుకుని, ఆ ఒక్క బ్లాకు చదువుతాను. పదం కనిపిస్తే పక్కనే దాని పోస్టింగ్స్ లిస్ట్, అంటే ఆ పదం ఉన్న టికెట్ల జాబితా, ఎక్కడుందో రాసి ఉంటుంది. కనిపించకపోతే ఆ చదవడం అంతా వృథా.

టికెట్ నంబరు ఒకే సెగ్మెంట్‌లో ఉంటుంది. అంటే 40 సార్లు డిస్క్ దగ్గరకి వెళ్తే, అందులో 39 సార్లు "ఇక్కడ లేదు" అని చెప్పించుకోవడానికే వెళ్తున్నాను.

ముందు సులువైన దారి ఒకటి ప్రయత్నించాను. ప్రతి సెగ్మెంట్‌లో మొదటి పదం, చివరి పదం గుర్తు పెట్టుకుని, అడిగిన నంబరు ఆ రెంటి మధ్య లేకపోతే దాటెయ్యడం. నంబర్లు వరుసగా పెరిగేవైతే పని ఇక్కడే అయిపోయేది, ఫిల్టర్ అవసరమే ఉండేది కాదు. మావి ఏ వరుసా లేని హెక్స్ నంబర్లు. ప్రతి సెగ్మెంటూ `req-0000` చుట్టుపక్కల మొదలై `req-ffff` దగ్గర ముగుస్తుంది. ఒక్క సెగ్మెంట్ కూడా దాటలేకపోయాను.

రోజు 2

ఈరోజు కోడ్ లేదు, కాగితం మీద లెక్కలే.

బర్టన్ బ్లూమ్ 1970లో బ్లూమ్ ఫిల్టర్‌ని ప్రతిపాదించినప్పుడు ఇచ్చిన ఉదాహరణకీ మా సమస్యకీ తేడా లేదు. లైను చివర ఇంగ్లీషు పదాన్ని ఎక్కడ విరవాలో చెప్పే ప్రోగ్రామ్ ఆయనది. పదిలో తొమ్మిది పదాలకి మామూలు సూత్రాలు సరిపోతాయి. మిగిలిన ఒక్క పదం కోసం డిస్క్ మీది డిక్షనరీ తెరవాలి. ఏ పదానికి డిస్క్ అక్కర్లేదో మెమరీలోనే తేల్చెయ్యాలి, అప్పుడప్పుడు అనవసరంగా డిస్క్ తెరిచినా ఫరవాలేదు.

పద్ధతి చిన్నదే. అన్నీ సున్నాలతో ఒక పొడవాటి బిట్ వరుస తీసుకోవాలి. పదాన్ని హ్యాష్ చేసి, దాని నుంచి `k` స్థానాలు లెక్కగట్టి, ఆ స్థానాల్లో 1 పెట్టాలి. తర్వాత ఎవరైనా ఒక పదం అడిగితే అవే `k` స్థానాలు చూడాలి. ఒక్క చోట సున్నా ఉన్నా ఆ పదం ఎప్పుడూ చేర్చలేదని ఖాయం. అన్నీ 1 అయితే పదం ఉండొచ్చు, లేదా వేరే పదాలు పెట్టిన 1లు కలిసొచ్చి అలా కనిపిస్తూ ఉండొచ్చు. ఈ రెండోదే ఫాల్స్ పాజిటివ్.

సెగ్మెంట్ ఒకసారి రాశాక మారదు కాబట్టి ఈ ఫిల్టర్ దానికి అతికినట్టు సరిపోతుంది. మామూలు బ్లూమ్ ఫిల్టర్‌లోంచి పదాన్ని తీసెయ్యలేం. ఒక బిట్ సున్నా చేస్తే అదే బిట్‌ని పంచుకుంటున్న ఇంకో పదం కూడా పోతుంది. మారని సెగ్మెంట్‌లో తీసెయ్యాల్సిన అవసరమే రాదు.

సైజు సంగతి. నంబర్ల ఫీల్డ్‌లో ఒక్కో సెగ్మెంట్‌కి దాదాపు 2 లక్షల పదాలు. పదానికి 10 బిట్లు అనుకుంటే 20 లక్షల బిట్లు. స్థానం లెక్కగట్టడానికి భాగహారం బదులు మాస్క్ సరిపోవాలని, పైనున్న రెండు ఘాతానికి పెంచాను: 2²¹, అంటే 20,97,152 బిట్లు, అంటే 256 కేబీ. నలభై సెగ్మెంట్లకి మొత్తం 10 ఎంబీ. ఇంత చిన్నదైతే అన్ని ఫిల్టర్లనీ ఎప్పుడూ మెమరీలోనే ఉంచుకోవచ్చు.

ఎన్ని స్థానాలు పెట్టాలనేదానికి సూత్రం `k = (m/n) × ln 2`. `m` బిట్లు, `n` పదాలు. నాకు 7 వచ్చింది. ఫాల్స్ పాజిటివ్ అవకాశం ఇలా:

```
p = (1 - e^(-k*n/m))^k
  = (1 - e^(-0.668))^7
  = 0.487^7
  ≈ 0.0065
```

మధ్యలో వచ్చిన 0.487 చాలా ఉపయోగపడే అంకె. ఫిల్టర్‌లో ఎన్నో వంతు బిట్లు 1 అయ్యాయో అది చెబుతుంది. ఫిల్టర్ సరైన సైజులో ఉంటే దాదాపు సగం నిండి ఉంటుంది. ఈ అంకెని డైరీ మొదటి పేజీలో పెద్దగా రాసి పెట్టుకున్నాను.

అనవసరంగా తెరిచేవి 39 × 0.0065, అంటే సుమారు 0.25 సెగ్మెంట్. నిజంగా ఉన్న సెగ్మెంట్‌తో కలిపితే ఒక ప్రశ్నకి సగటున 1.25 బ్లాకులు. 40 నుంచి 1.25కి రావాలి.

రోజు 4

కోడ్ అయింది. ఏడు స్థానాలకి ఏడు వేర్వేరు హ్యాష్‌లు వాడలేదు. రెండు హ్యాష్‌లు ఉంటే చాలని, `h1 + i × h2` అని లెక్కగడితే ఫాల్స్ పాజిటివ్ రేటు దాదాపు అంతే ఉంటుందని కిర్ష్, మిట్జెన్‌మాకర్ 2006లో చూపించారు. ఒక 64 బిట్ల హ్యాష్ తీసుకుని కింది సగం `h1`గా, పై సగం `h2`గా వాడటం అందరూ చేసేదే.

నడిపి చూస్తే కౌంటర్ సగటు 40 నుంచి 4.8కి పడింది. ఎనిమిదింతల లాభం! వెంటనే మా సీనియర్‌కి చూపించాను. ఆయన స్క్రీన్ చూసి ఒకటే అడిగారు: "బానే ఉంది. నీ లెక్క ప్రకారం ఎంత రావాలి?"

"1.25 అండీ."

"మరి మిగతా మూడున్నర ఎక్కడిది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన అడక్కపోతే ఆ 4.8తోనే సంతోషపడి ముందుకి వెళ్లిపోయేవాణ్ణి. ఫాల్స్ పాజిటివ్‌లు ఎక్కువైతే ఏ టెస్టూ ఫెయిలవదు. జవాబులన్నీ సరిగ్గానే వస్తాయి, పని మాత్రం కొంచెం ఎక్కువ జరుగుతుంది. అది కంటికి కనిపించదు.

ఇండెక్స్‌లో లేవని ఖాయంగా తెలిసిన లక్ష నంబర్లు తయారు చేసి ఒక సెగ్మెంట్ ఫిల్టర్‌ని అడిగాను. 650 చుట్టుపక్కల "ఉండొచ్చు" అనాలి. పది వేలకి దగ్గరగా అంది. ఎన్ని బిట్లు 1 అయ్యాయో చూశాను. దాదాపు సగం, మామూలుగానే ఉంది. అంటే సైజు తప్పు కాదు. తప్పు హ్యాష్‌లో ఉంది.

అరగంట తర్వాత దొరికింది:

```java
int h  = (int) hash64(term);
int h1 = h;
int h2 = (h >>> 32) | 1;
```

64 బిట్ల హ్యాష్‌ని మొదటి లైన్లోనే `int`లోకి కుదించేశాను. ఇక 32 బిట్లు కుడికి జరిపితే సున్నా రావాలని ఎవరైనా అనుకుంటారు. జావాలో అలా రాదు. `int`ని జరిపేటప్పుడు ఎంత జరపాలో చెప్పే అంకెలో కింది ఐదు బిట్లే లెక్కలోకి వస్తాయి. 32కి కింది ఐదు బిట్లు సున్నా. అంటే అసలు జరపదు, `h` అలాగే ఉంటుంది. ఫలితంగా `h2` కూడా `h1` లాంటిదే అయిపోయింది.

అప్పుడు ఏడు స్థానాలూ `h1` కింది 21 బిట్ల మీదే ఆధారపడతాయి. ఆ 21 బిట్లు కలిసిన ఏ రెండు పదాలకైనా ఏడింటికి ఏడు స్థానాలూ కలుస్తాయి. పేరుకి ఏడు చూస్తున్నాను గాని నిజానికి ఒక్కటే చూస్తున్నట్టు. దాదాపు 21 లక్షల గదుల్లో 2 లక్షల పదాలు కూర్చుంటే, కొత్తగా వచ్చిన పదం నిండిన గదిలోకే వెళ్లే అవకాశం 9 శాతం పైనే. మామూలు 0.65 శాతం దానికి కలిస్తే నేను చూసిన పది శాతం వచ్చేస్తుంది. లెక్క సరిపోయాక మనసు కుదుటపడింది.

సరిచేసిన కోడ్:

```java
boolean mightContain(long h) {
    int h1 = (int) h;
    int h2 = (int) (h >>> 32) | 1;
    for (int i = 0; i < 7; i++) {
        int bit = (h1 + i * h2) & mask;
        if ((words[bit >>> 6] & (1L << bit)) == 0)
            return false;
    }
    return true;
}
```

`| 1` ఎందుకంటే, `h2` పొరపాటున సున్నా అయితే ఏడు స్థానాలూ ఒకటే అయిపోతాయి. `1L << bit`లో `bit` 63 దాటినా ఇబ్బంది లేదు. `long`కి కింది ఆరు బిట్లే చూస్తుంది కాబట్టి నాకు కావలసిన స్థానమే వస్తుంది. పొద్దున నన్ను ముంచిన నియమమే ఇక్కడ పని తగ్గించింది.

ఇప్పుడు కౌంటర్ సగటు 1.26.

ఇంకొక్కటి గమనించాను. ఈ ఫంక్షన్ పదాన్ని తీసుకోదు, హ్యాష్‌ని తీసుకుంటుంది. ప్రశ్నలోని పదాన్ని ఒక్కసారి హ్యాష్ చేసి 40 ఫిల్టర్లకీ అదే ఇస్తున్నాను. ఫిల్టర్ల సైజులు వేరువేరైనా మాస్క్ ఒక్కటే మారుతుంది. పదం లేనప్పుడు ఏడు స్థానాలూ చూడాల్సిన పని కూడా ఉండదు. సగం బిట్లు సున్నాలే కాబట్టి సగటున రెండో చూపుకే "లేదు" అని తేలిపోతుంది.

రోజు 7

ఫిల్టర్ సరిగ్గా పని చేస్తుంటే ఆశ పెరిగింది. శీర్షిక, వివరం, ఫైల్ పేరు, అన్ని ఫీల్డ్‌లకీ పెట్టేశాను. రెండు రోజుల ప్రశ్నలన్నీ మళ్లీ నడిపి, ఫీల్డ్ వారీగా ఒకే ఒక్క విషయం లెక్కపెట్టాను: ఫిల్టర్‌ని అడిగిన వాటిలో ఎన్నిసార్లు "లేదు" అంది?

నంబర్ల ఫీల్డ్‌లో దాదాపు ప్రతిసారీ. వివరం ఫీల్డ్‌లో మాత్రం చాలా అరుదుగా. ఆలోచిస్తే ఇది ముందే తెలియాల్సింది. వివరంలో వెతికే పదాలు "లాగిన్", "ఎర్రర్", "పాస్‌వర్డ్" లాంటివి. అవి నలభై సెగ్మెంట్లలోనూ ఉంటాయి. పదం ఉన్నప్పుడు ఫిల్టర్ ఏడు స్థానాలూ చూసి "ఉండొచ్చు" అంటుంది, తర్వాత డిక్షనరీ ఎలాగూ తెరవాలి. అంటే ఫిల్టర్ ఇచ్చే లాభమంతా "లేదు" అనే జవాబులోనే ఉంది. ఆ జవాబు రాని చోట అది మెమరీ తినే అదనపు మెట్టు, అంతే. వివరం ఫీల్డ్‌కి ఫిల్టర్ తీసేశాను. ఫైల్ పేర్లలో అరుదైన పదాలు బాగానే ఉన్నాయి కాబట్టి దానికి ఉంచాను. శీర్షిక మధ్యస్తంగా ఉంది, ప్రస్తుతానికి ఉండనిచ్చాను.

రెండు మూడు పదాలు కలిపి అడిగినప్పుడు సెగ్మెంట్‌ని ఎప్పుడు దాటొచ్చో కూడా ఈరోజే రాశాను. `AND` అయితే ఒక్క పదం లేదని తేలినా సెగ్మెంట్ మొత్తం దాటెయ్యొచ్చు. అన్నిటికంటే పెద్ద లాభం ఇక్కడే. "లాగిన్ `AND` `req-7f3a91c2`" అని అడిగితే 39 సెగ్మెంట్లలో "లాగిన్" తాలూకు పొడవాటి పోస్టింగ్స్ లిస్ట్ తెరిచే పనే లేకుండా పోతుంది. అందుకే అరుదైన పదాలు ఉండే ఫీల్డ్‌ని ముందు అడిగేలా క్రమం మార్చాను. వరుస పదాల వెతుకులాటకీ ఇదే నియమం. `OR` అయితే అన్ని పదాలూ లేవని తేలితేనే దాటాలి.

`NOT` దగ్గర కాసేపు ఆగాను. "లాగిన్ `NOT` పాస్‌వర్డ్" అన్నప్పుడు ఒక సెగ్మెంట్‌లో "పాస్‌వర్డ్" లేదంటే ఆ సెగ్మెంట్‌ని దాటకూడదు. అక్కడ తీసెయ్యాల్సినవేమీ లేవు, "లాగిన్" ఉన్నవన్నీ జవాబులోకి రావాలి. నా మొదటి కోడ్ పదాలన్నిటినీ ఒకే జాబితాగా చూస్తూ, ఏ ఒక్కటి లేకపోయినా దాటేస్తోంది. నడపకముందే కళ్లబడింది.

`req-7f3a*` లాంటి ముందుభాగం వెతుకులాటకి ఈ ఫిల్టర్ ఏమీ చెప్పలేదు. ఫిల్టర్‌లో ఉన్నది పూర్తి పదం హ్యాష్ మాత్రమే. అలాంటి ప్రశ్నలు పాత దారిలోనే వెళ్తాయి.

రోజు 12

ఇవాళ్టి తప్పు మూడు వారాల్లో నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టింది.

పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చింది: "వైఫై లాగ్ ఫైల్ ఉన్న టికెట్ నిన్నటిదాకా దొరికేది, ఇవాళ దొరకట్లేదు." టికెట్ తెరిచి చూస్తే ఫైల్ అక్కడే ఉంది, పేరులో "వైఫై" స్పష్టంగా కనిపిస్తోంది. ఫిల్టర్ ఆపేసి వెతికాను. దొరికింది. ఫిల్టర్ పెట్టి వెతికాను. దొరకలేదు.

బ్లూమ్ ఫిల్టర్ ఎప్పుడూ చెయ్యకూడని పని ఇదొక్కటే. ఉన్నదాన్ని లేదనడం. ఫాల్స్ పాజిటివ్ వస్తే కొంచెం ఆలస్యం. ఇది వస్తే జవాబే మాయం, పైగా మాయమైందని ఎవరికీ తెలియదు. ఈ మెసేజ్ పంపిన ఆమెకి ఆ ఫైల్ ముందే గుర్తు లేకపోతే, ఇంకా ఎన్నాళ్లు అలాగే ఉండేదో.

బైట్లు తీసి చూశాను. డిక్షనరీలో "వై" ఇలా ఉంది: `వ` తర్వాత `U+0C48`, యూటీఎఫ్-8లో `E0 B1 88`. ఫైల్ పేరులో అసలు వచ్చింది ఇలా: `వ` తర్వాత `U+0C46`, దాని వెనక `U+0C56`, అంటే `E0 B1 86 E0 B1 96`. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగానైనా, ఎత్వమూ దాని కింద ఐత్వ చిహ్నమూ అని రెండుగానైనా. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫైల్ పేర్లని విడగొట్టిన రూపంలో దాచే ఫైల్ సిస్టమ్‌లు ఉన్నాయి, HFS+ అలాంటిదే. అక్కడి నుంచి వచ్చిన పేర్లు ఇలా వస్తాయి.

ఇది నాకు తెలియని విషయం కాదు. డిక్షనరీలోకి వెళ్లే ప్రతి పదాన్నీ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలా విడగొట్టిన గుర్తులని ఒకే గుర్తుగా కలిపే రూపంలోకి, మార్చే కోడ్ మొదటి నుంచీ ఉంది. ప్రశ్నని కూడా అలాగే మారుస్తాను. కాని ఫిల్టర్‌లో చేర్చే లైన్ ఎక్కడ పెట్టాను? పదాలు విడదీసే చోట, చేతికి అందిన వెంటనే. మార్పిడి జరిగేది దాని తర్వాత. అంటే డిక్షనరీలో ఒక రూపం, ఫిల్టర్‌లో ఇంకో రూపం. అడిగినవాళ్ల "వైఫై" ఒకే గుర్తు రూపంలో ఫిల్టర్ దగ్గరకి వెళ్తుంది, ఫిల్టర్‌కి ఆ బైట్లు ఎప్పుడూ పరిచయం లేవు. "లేదు" అంటుంది. తన వరకు అది నిజమే చెప్పింది.

నంబర్ల ఫీల్డ్‌లో ఇది బయటపడే అవకాశమే లేదు. `req-7f3a91c2`ని ఎలా రాసినా ఒకటే. నా టెస్టులన్నీ నంబర్లతోనే రాశాను కదా.

మొదట చేసిన పని, ఒక పరిశీలన మోడ్. అందులో ఫిల్టర్ "లేదు" అన్నా నమ్మకుండా డిక్షనరీ కూడా తెరిచి చూస్తుంది. పదం దొరికితే అక్కడికక్కడే ఆగిపోయి, సెగ్మెంట్ పేరూ పదం బైట్లూ రాస్తుంది. పాత ప్రశ్నలన్నీ దీంతో నడిపితే ఇలాంటి పదాలు ఫైల్ పేరు ఫీల్డ్‌లో ఇంకా బయటపడ్డాయి, అన్నీ విడగొట్టిన రూపాలే.

రెండోది అసలు మార్పు. ఫిల్టర్‌లో చేర్చే లైన్‌ని డిక్షనరీ బ్లాకు రాసే ఫంక్షన్‌లోకి తీసుకెళ్లాను. డిస్క్ మీదకి ఏ బైట్లు వెళ్తున్నాయో, అదే బఫర్‌లోంచి అవే బైట్లని హ్యాష్ చేస్తాను. మధ్యలో ఇంకే మార్పిడికీ చోటు లేదు. రేపు ఎవరైనా పదాలని చిన్నక్షరాలుగా మార్చే నియమమో, మూలపదం తీసే నియమమో చేర్చినా ఫిల్టర్‌కి దానంతట అదే వర్తిస్తుంది. పాత ఫిల్టర్లన్నీ చెరిపి, సెగ్మెంట్ల డిక్షనరీలు మొదటి నుంచి చదివి కొత్తవి కట్టాను. టికెట్లు మళ్లీ ఇండెక్స్ చెయ్యాల్సిన అవసరం రాలేదు.

ఇదే ఊపులో ఫిల్టర్ ఫైల్ మొదట్లో హ్యాష్ వెర్షన్ అంకె, చివర చెక్‌సమ్ పెట్టాను. ఒక్క బిట్ చెడిపోయి 1 కాస్తా 0 అయినా మళ్లీ ఇదే జబ్బు. వెర్షన్ కలవకపోయినా, చెక్‌సమ్ తప్పినా ఆ ఫిల్టర్‌ని పక్కన పెట్టి ప్రతి పదానికీ "ఉండొచ్చు" అనే జవాబే ఇస్తాను.

రోజు 15

ఇన్నాళ్లూ ప్రయోగం కోసం సెగ్మెంట్ల కలపడం ఆపి ఉంచాను. ఈరోజు మళ్లీ మొదలుపెట్టాను. నాలుగేసి సెగ్మెంట్లు కలిసి ఒకటయ్యాయి, 40 కాస్తా 10 అయ్యాయి. సెగ్మెంట్లు తగ్గాయి కాబట్టి కౌంటర్ కూడా తగ్గాలి. 1.26 నుంచి 6.4కి పెరిగింది.

ఈసారి తడుముకోలేదు. మొదటి పేజీలోని అంకె గుర్తుంది. కలిపిన ఫిల్టర్‌లో ఎన్ని బిట్లు 1 అయ్యాయో చూశాను. 93 శాతం.

కలిపేటప్పుడు ఫిల్టర్లని ఎలా కలపాలన్నది మొదటి వారంలోనే రాసేశాను, నాలుగు బిట్ వరుసలనీ `OR` చెయ్యడం. సైజూ హ్యాషూ ఒకటే అయితే ఇది తప్పు కాదు. నాలుగింటిలో ఏ పదం ఉన్నా దాని బిట్లన్నీ వస్తాయి, ఏదీ పోదు. రాసినప్పుడు నాకు భలే నచ్చింది కూడా, ఎందుకంటే డిక్షనరీ ముట్టుకోకుండా నాలుగు లైన్లలో అయిపోతుంది. కాని 2 లక్షల పదాల కోసం కట్టిన 256 కేబీలో ఇప్పుడు దాదాపు 8 లక్షల పదాలు కూర్చున్నాయి. సూత్రంలో వేస్తే `k*n/m` 2.67 అవుతుంది, నిండినది 93 శాతం, దాని ఏడో ఘాతం 0.6. లేని నంబరు అడిగితే పదిలో ఆరుసార్లు "ఉండొచ్చు" అంటుంది. తొమ్మిది సెగ్మెంట్లకి ఇది 5.4, నిజమైనది ఒకటి, మొత్తం 6.4. అంకె అంకెకీ సరిపోయింది.

రోజు 12న చేసిన మార్పు ఇక్కడ కూడా పనికొచ్చింది. సెగ్మెంట్లు కలిపేటప్పుడు కొత్త డిక్షనరీ ఎలాగూ రాస్తున్నాను, ఫిల్టర్ కూడా అక్కడే పుడితే సరి. ఒకటే చిక్కు. కలిపిన తర్వాత మొత్తం ఎన్ని వేర్వేరు పదాలు ఉంటాయో రాయడం పూర్తయ్యేదాకా తెలియదు, ఫిల్టర్ సైజు మాత్రం ముందే తెలియాలి. నాలుగు సెగ్మెంట్ల పదాల సంఖ్యలు కూడితే శీర్షిక ఫీల్డ్‌లో చాలా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అవే పదాలు నాలుగింటిలోనూ ఉంటాయి. అందుకని ఫిల్టర్‌ని ఆఖరికి వాయిదా వేశాను. పదం రాసినప్పుడల్లా దాని 64 బిట్ల హ్యాష్‌ని ఒక `long[]`లో దాచుకుంటాను. డిక్షనరీ మూసేటప్పుడు ఎన్ని హ్యాష్‌లు ఉన్నాయో చూసి, దానికి తగ్గ సైజులో ఫిల్టర్ కట్టి, వరుసని వదిలేస్తాను. 8 లక్షల పదాలకి ఈ తాత్కాలిక వరుస 64 లక్షల బైట్లు. సెగ్మెంట్లు కలిపే పనికి అదేమంత బరువు కాదు.

కొత్త ఫిల్టర్ 2²³ బిట్లు, సరిగ్గా ఒక ఎంబీ. నాలుగు 256 కేబీలు కలిస్తే ఒక ఎంబీయే. మెమరీ ఏమీ మిగల్లేదు, పెరగలేదు. `OR` పద్ధతిలో మెమరీ నాలుగో వంతుకి తగ్గినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కౌంటర్ ఇప్పుడు 1.06.

రోజు 19

మూడు రోజులుగా అందరూ వాడుతున్నారు. పరిశీలన మోడ్ పూర్తిగా ఆపలేదు, వందలో ఒక ప్రశ్నకి వెనకాల నడుస్తూనే ఉంటుంది. ఇప్పటిదాకా ఒక్కసారీ ఆగలేదు.

ప్రతి సెగ్మెంట్‌కీ రెండు అంకెలు రోజూ రాస్తున్నాను: ఎన్నో వంతు బిట్లు నిండాయి, "ఉండొచ్చు" అన్నాక డిక్షనరీలో దొరకనివి ఎన్ని. మొదటిది సగం దాటినా, రెండోది ఒక శాతం దాటినా చూడాలి.

నిన్న రెండోది ఒక సెగ్మెంట్‌లో కొంచెం పెరిగినట్టు అనిపించి వెతికాను. ఫిల్టర్ తప్పు కాదు. టికెట్‌ని ఎవరైనా మార్చినప్పుడు కొత్త రూపం కొత్త సెగ్మెంట్‌లోకి వెళ్తుంది, పాతది చెరిపినట్టు గుర్తు మాత్రమే పడుతుంది. పాత సెగ్మెంట్ డిక్షనరీలో ఆ నంబరు ఇంకా ఉంది, కాబట్టి ఫిల్టర్ "ఉండొచ్చు" అంటుంది, డిక్షనరీ "ఉంది" అంటుంది, పోస్టింగ్స్ దగ్గరకి వెళ్తే బతికున్న టికెట్ ఒక్కటీ ఉండదు. నా కౌంటర్ దాన్ని కూడా "దొరకలేదు" కింద వేసింది. ఆ సెగ్మెంట్లు కలిసినప్పుడు చెరిపినవి పోతాయి, ఫిల్టర్ కొత్తగా పుడుతుంది. కౌంటర్‌ని రెండుగా విడదీశాను, డిక్షనరీలో దొరకనిది ఒకటి, పోస్టింగ్స్‌లో బతికున్నది లేనిది ఒకటి.

శీర్షిక ఫీల్డ్ సంగతి కూడా తేల్చాను. పది సెగ్మెంట్లకి తగ్గాక అందులో "లేదు" అనే జవాబులు ఇంకా తగ్గిపోయాయి. సెగ్మెంట్ పెద్దదయ్యే కొద్దీ ఏ పదమైనా అందులో ఉండే అవకాశం పెరుగుతుంది కదా. దాని ఫిల్టర్ తీసేశాను. నంబర్లకీ ఫైల్ పేర్లకీ మాత్రం ఉంది. సాయంత్రం ఆ మార్పు పంపించి, "వైఫై" అని ఒకసారి వెతికి చూశాను. ఆమె అడిగిన టికెట్ మొదటి లైన్లోనే వచ్చింది.